రికార్డుకు సంతకం

బీఎస్సీ రెండో సంవత్సరంలో చేరాక జయశ్రీ మొదటి పీరియడుకు అందుకున్న రోజులు చాలా తక్కువ. బిజినేపల్లిలో ఆమె అత్త సాయమ్మ తెల్లారకముందే పల్లికాయ చేనుకు పోయి, ఎండ ఎక్కినాక గానీ ఇల్లు చేరదు. అప్పటిదాకా తన పసిపిల్లను ఎవరి చేతిలో పెట్టాలి? చలిగాలి తగిలితే చాలు, పిల్లకు ఛాతీలో గురగుర మొదలవుతుంది. జయశ్రీ నిద్రలో కూడా ఆ చప్పుడుకే చెవి ఒగ్గి పడుకునేది. అత్త రాగానే పిల్లనిచ్చి, బస్సెక్కి, నాగర్‌కర్నూలులో దిగి కాలేజీ గేటు దాటేసరికి కెమిస్ట్రీ క్లాసు వదిలేసేవాళ్లు.

పక్క బెంచీ బుష్రా నోట్సే ఆమెకు దిక్కు. బుష్రా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది గానీ సుదర్శన్ సార్ చెప్పే వేగానికి సగం వాక్యాలు నడుమనే తెగిపోయేవి. ఉష్ణగతికశాస్త్రం రెండో నియమం దగ్గర ఒక వరస, ఆ కింద ఖాళీ, ఆ తరువాత ఉన్నట్టుండి ఎంట్రోపీ. ఆ ఖాళీలో ఏముందో తెలియక జయశ్రీ బస్సులో అదే పేజీని చూస్తూ కూర్చునేది. మొదటి ఏడాది కెమిస్ట్రీ పేపరు ఒకటి ఇప్పటికే మిగిలింది. ఇదీ పోతే చదువు మాన్పిస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

"మా అబ్బా దుకాన్ల చిన్న టేప్ రికార్డర్ ఉంది జయక్కా," అంది బుష్రా ఒకరోజు. "క్లాసుల పెట్టి మాటలన్నీ పట్టేద్దాం. నువ్వు ఇంటికాడ పిల్లను ఊపుకుంట వినొచ్చు."

"అడగకుండ పెడితే దొంగతనం లెక్కుంటది. సారును అడుగుదాం."

అట్లా దరఖాస్తు రాసింది. పైన, 'విషయం: రికార్డు చేయుటకు అనుమతి గురించి' అని పెట్టింది. కింద అసలు సంగతి: 'ఇంటి ఇబ్బంది వల్ల నేను మొదటి పీరియడుకు అందుకోలేకపోతున్నాను. తమరి పాఠాన్ని నా స్నేహితురాలు బుష్రా టేపులో రికార్డు చేయడానికి, దాని ఆధారంగా రాసిన నోట్సును మేమిద్దరం పంచుకోవడానికి దయచేసి అనుమతించగలరు. టేపును చదువుకు తప్ప వాడము, బయటివారికి ఇవ్వము. పరీక్షలు కాగానే చెరిపేస్తాము. హాజరు వేయమని కోరడం లేదు. తమరు వద్దన్న రోజు ఆపేస్తాము.'

స్టాఫ్ రూములో సుదర్శన్ సార్ మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. బల్ల మీద చట్నీ కారిన పేపరు, ఎంగిలి గ్లాసులు, గ్లాసు అంచుల మీద ఈగలు. దరఖాస్తును ఎడమ చేత్తో అందుకుని పై వరస ఒక్కటి చూశాడు.

"రికార్డా? ఇంత ఆలస్యమా? సరే, రేపు నా టేబుల్ మీద పెట్టండ్రి. మళ్ల మళ్ల నా యెంట తిరగొద్దు."

నూనె వేళ్లతోనే పెన్ను పట్టి సంతకం గీకాడు. ఆయన రాసిన 'అనుమతించడమైనది' అన్న ముక్క మీద పచ్చటి మరక పరుచుకుంది. అయినా సంతకం దొరికింది కదా అని జయశ్రీ కాగితాన్ని కొంగుతో ఒత్తుకుంటూ బయటికొచ్చింది.

సైన్సు కాలేజీలో రికార్డు అంటే ప్రాక్టికల్ రికార్డే. గోధుమరంగు అట్ట, ప్రయోగం పేరు, లవణ విశ్లేషణ, చివర సారు సంతకం. అవి సారు టేబుల్ మీదే పెట్టాలి. ఆ సంగతి కాలేజీలో అందరికన్నా బాగా తెలిసిన ఇద్దరమ్మాయిలు, సారు టేప్ రికార్డర్నే టేబుల్ మీద పెట్టమన్నాడనుకుని మురిసిపోయారు.

మరునాడు బుష్రా దాన్ని టేబుల్ మీద పెట్టి బటన్ నొక్కింది. ఆ వెనకే వచ్చిన మగపిల్లలు తమ రికార్డులను దాని ముందు కుప్పపోశారు. సారు వచ్చాడు, పుస్తకం విప్పాడు, మొదలుపెట్టాడు. అరగంటకు క్యాసెట్ ఒక వైపు అయిపోయి, కుప్ప వెనక బటన్ టక్కున ఎగిరింది.

జయశ్రీ గేటు దగ్గరికి వచ్చేసరికి బుష్రా ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"సారు ఒర్రిండక్కా అందరి ముందట. 'ఏంది గిది, నా మీద సీఐడీ పనా' అన్నడు. నువ్వు సంతకం పెట్టినవు గద సార్ అంటే, 'నేను పెట్టింది ప్రాక్టికల్ రికార్డుకు' అన్నడు. 'పిల్లతల్లికి నా గొంతు యెందుకు, జోలపాటకా' అన్నడు. అందరు నవ్విండ్రు. రేపు క్యాసెట్ పట్టుకొని నిన్ను రమ్మన్నడు."

జయశ్రీకి మొదట సిగ్గేసింది. తరువాత ఆ నవ్విన మొహాలు ఒక్కొక్కటే ఊహకొచ్చి అసహ్యమేసింది. రోజూ అక్కా అక్కా అంటూ జామెట్రీ బాక్సు అడుక్కునే మొహాలే.

మధ్యాహ్నం ఇద్దరూ బస్టాండు ఎదురుగా ఉన్న చోటే మియా రేడియో దుకాణానికి పోయారు. ఇచ్చేముందు ఆ అరగంటైనా రాసుకుందామని జయశ్రీ నోట్సు విప్పి కూర్చుంది. బుష్రా తండ్రి చోటే మియా క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాడు.

సారు గొంతు, మధ్యమధ్య దగ్గు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "కావున, వ్యవస్థ యొక్క ఎంట్రోపీ పెరుగును. పటం నాలుగు పాయింటు రెండు చూడుడు." మళ్లీ దగ్గు. "ఇందుకు ముందటి పేజీలో చెప్పినట్లు..."

"పటం వేసిండా బోర్డు మీద?" అడిగింది జయశ్రీ.

"బోర్డు ముట్టనే ముట్టలే."

చోటే మియా చేతిలోని స్క్రూడ్రైవరు ఆగింది. "గీ సారు పాఠం చెప్తలేడు బేటీ, కితాబు సదువుతుండు. వార్తలు సదివినట్టు."

జయశ్రీ మళ్లీ తిప్పించింది. ఎన్నిసార్లు విన్నా అంతే. లైబ్రరీలో ఉండే పుస్తకాన్నే ఉన్నదున్నట్టు చదువుతున్నట్టుంది. ముందటి పేజీ అన్నప్పుడు కూడా ఆ పేజీ ఎవరి ముందుందో ఆయన ఆలోచించలేదు. ఎంట్రోపీ ఎందుకు పెరుగుతుందో ఒక్క మాట లేదు. ఈ గొంతు కోసమా తను పిల్లను వదిలి ఉరికినప్పుడల్లా క్లాసు పోయిందని ఏడ్చింది? కుళ్లిన కూర గిన్నె మూత తీసినట్టు అనిపించింది. ఆపెయ్యమంది.

లైబ్రరీకి పోయి పుస్తకం తీసుకుంది. పటం నాలుగు పాయింటు రెండు నిజంగానే ఉంది. చూస్తే సగం అర్థమైంది.

మరునాడు స్టాఫ్ రూములో క్యాసెట్‌ను, దరఖాస్తును బల్ల మీద పెట్టింది.

"నన్ను మోసం చేసి సంతకం తీసుకున్న అని రాసియ్యి," అన్నాడు సుదర్శన్ సార్.

"మోసం చెయ్యలే సార్. కింద అంత ఇవరంగనే రాసిన."

"నాకు ఎదురు మాట్లాడుతున్నవా? ప్రాక్టికల్ మార్కులు ఎవరి చేతుల ఉంటయో తెలుసు గదా."

తెలుసు. మార్కులు పోతే ఇంట్లో మాట, అత్త చూపు, పిల్ల మందులు అడిగే ప్రతిసారీ వినాల్సిన దెప్పుడు, అన్నీ ఒక్కసారే కళ్లముందు కదిలాయి.

"అనుమతి వాపసు తీసుకుంటున్న అని మీరు రాయుండ్రి సార్, కింద నేను సంతకం పెడత. ఆపేస్తమని ముందే రాసిన. మోసమని మాత్రం రాయను. క్యాసెట్ మాకు అక్కర లేదు."

ఆయన చాలాసేపు కాగితాన్ని చూశాడు. మొదటిసారి కింది వరసలు చదువుతున్నట్టున్నాడు. ఏమీ రాయలేదు. తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, క్యాసెట్‌ను సొరుగులో పడేసి, పళ్ల సందున గోరు పెట్టుకుని, పొమ్మని గడ్డం ఊపాడు.

"థాంక్యూ సార్," అంది జయశ్రీ.

ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. గేటు దగ్గర ఎదురుచూస్తున్న బుష్రా "ఏమన్నడు?" అని అడుగుతున్నా ఆగలేదు. నల్లా దగ్గరికి పోయి నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. ఆ తరువాత లైబ్రరీ పుస్తకం విప్పి బుష్రా ఒళ్లో పెట్టింది.

"నువ్వు చదువు, నేను రాస్త. రేపు నేను చదువుత. నోట్సు పంచుకోనీకి ఎవని సంతకం అక్కర లేదు."