వట్టివేళ్ళ కొట్టు

పందొమ్మిది వందల యాభైల్లో చోడవరం బజారులో బోర్డు లేని బట్టల కొట్టొకటి ఉండేది. దాని అరుగు మీద కూర్చుంటే అనకాపల్లి బస్సు మలుపు తిరగడం కనిపించేది. పత్రికకు వార్తల కవరు పంపాల్సిన రోజున నేను అక్కడే బస్సు కోసం కాచుకునేవాణ్ణి. కొట్టు యజమాని, ఆయన భార్య ఇద్దరూ నన్ను కుర్చీతో సమానంగా చూసేవారు. అడ్డం లేకపోతే చాలు, మాట్లాడించేవారు కాదు.

ఒక ఏడాది పెళ్ళిళ్ళ రోజులకు ముందు, ఎదురుగా పెద్ద బట్టల కొట్టు వెలిసింది. పొద్దున్నుంచి లౌడుస్పీకరు మోగేది. ఈ పెళ్ళిళ్ళు కలిసి రాకపోతే కొట్టు మూసేసి అనకాపల్లి బెల్లం మార్కెట్లో బావమరిది దగ్గర గుమస్తాగా చేరాలని యజమాని ఆ వారమే నిర్ణయించుకున్నాడు. మూయడానికి ముందు ఒక ప్రయత్నం చేశాడు. గుమ్మంలో గ్రామఫోను పెట్టాడు. పైన ఎరుపు, ఆకుపచ్చ బల్బులు వేలాడదీశాడు. బేరగాళ్ళు కూర్చునే పరుపుల మీద అత్తరు చల్లి, మూలమూలనా అగరొత్తులు గుత్తులుగా గుచ్చాడు.

చీడికాడ నుంచి ఒక ముసలమ్మ మనవరాలి పెళ్ళికి కోకలు కొనడానికి వచ్చింది. ఆవిడ ముందు యజమాని నీలం కోక పరిచాడు. ఆవిడ మడత పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కొత్త కోకకి గంజి వాసన రావాల గదా బాబూ. ఈ అత్తరేటి? ముక్కిపోయిన సరుకు మీద పోసేవా ఏటి?"

"నిన్నే దిగిందమ్మా."

"ఏటీ?"

పాట మధ్యలో ఆయన మళ్ళీ అరిచాడు. ఆవిడ చెవులు మూసుకుంది.

"నాను బేరమాడితే బస్సులో ఉన్నోళ్ళందరికీ ఇనబడతాది. అయినా ఇది నీలమా, నలుపా? పెళ్ళికూతురికి నలుపు కట్టబెడతామా?"

ఎర్ర బల్బు కింద ఆ నీలం నిజంగానే నల్లగా ఉంది. ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. "సూసొస్తాను బాబూ" అంటూ ఎదురు కొట్టు వైపు నడిచింది.

లోపలి గది గుమ్మంలో నిలబడి ఆయన భార్య అంతా విన్నది.

"ఏటండీ, కొట్టెట్టేరా, నాటకం ఎట్టేరా? బట్ట కనబడనీరు, వాసన రానీరు, మాట ఇననీరు. ఇంకేటి కొంటారు ఆళ్ళు?"

"పాట తీసెత్తే ఎదురోళ్ళు గెలిసేమనుకుంటారు."

"తియ్యొద్దు. తగ్గించండి."

గ్రామఫోనుకి శబ్దం తగ్గించే మీట ఉండదు. ఆవిడ ఒక తుండుగుడ్డ చుట్టి దాని బాకా గొట్టంలో కుక్కింది. పాట పక్కింట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు మెత్తబడింది. బేరం మొదలైతే అది కూడా ఆపెయ్యమంది.

తర్వాతి రెండు రోజులూ వాళ్ళిద్దరి పని చూస్తూ ఉండిపోయాను. అగరొత్తులు తీసేశారు. అత్తరు పడిన దుప్పట్లు చాకలికి వేసి, గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి మధ్యాహ్నం నీళ్ళు చిలకరించారు. ఆ వాసన గుమ్మం దగ్గర పలకరించి ఊరుకునేది. పరుపు మీద కూర్చున్నాక ముక్కుకి గంజి, కొత్త నూలు మాత్రమే తెలిసేవి. రంగు బల్బులు పోయి, బీరువాల ముందు ఒక మామూలు బల్బు మిగిలింది. రంగు చూసుకోవడానికి గుమ్మం పక్క పగటి వెలుగులో తెల్లటి దుప్పటి పరిచారు. పరుపు మీదకు ఆవిడ ఉతికిన ముతక నేత దుప్పటి తెచ్చింది.

"మెత్తటిదెయ్యొచ్చు గదా" అన్నాడాయన.

"మెత్తటి దాని మీద సెయ్యెట్టి, తర్వాత కోక ముట్టుకుంటే కోక ముతగ్గా ఉంటాది. ముందు ఇది ముట్టుకోనియ్యండి."

ఇంకొక పని కూడా చేసింది. అరుగు మీద నీళ్ళ బిందె, తువ్వాలు పెట్టింది. బెల్లం జిగురు, దారి దుమ్ము ఉన్న చేతికి నూలు నునుపు ఏం తెలుస్తుంది? ఎన్నో దుకాణాల ప్రారంభోత్సవాల గురించి రాశాను గానీ, కొనేవాడి చేతిని ఇంతగా తలచుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

మూడో నాడు ముసలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట పెళ్ళికూతురు, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు.

"ఆ కొట్టులో తలనొప్పెట్టేసింది. ఇక్కడ గోల తగ్గినట్టుంది. ఒసే గుంటా, ముందు సేతులు కడుక్కో."

ఆ పిల్ల నీలం కోకని వెలుగులోకి పట్టుకెళ్ళి, వేళ్ళతో రెండు వైపులా తడిమి, నాయనమ్మ వైపు చూసి తల ఊపింది. యజమాని లేచి గ్రామఫోను ఆపాడు. బేరం గుసగుసల్లో సాగింది. కోకలతో పాటు పెళ్ళివారందరి పంచెలూ అక్కడే తీసుకున్నారు. ఆయన భార్య ప్రతి మూటలో నాలుగు వట్టివేళ్ళ పోగులు పెట్టి కట్టింది.

ఆ పెళ్ళిళ్ళు దాటాయి. అనకాపల్లి ప్రయాణం మాట ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. వానాకాలంలో నేనొక పంచెల మూట ఒళ్ళో పెట్టుకుని మాడుగుల బస్సులో వెళ్తున్నాను. పక్కన కూర్చున్న, ఎన్నడూ చూడని మనిషి ముక్కు ఎగబీల్చి అడిగాడు.

"ఆ వట్టివేళ్ళ కొట్టులో కొన్నారేటి బాబూ?"