మాత్ర వల్ల కావచ్చు

కొత్త మాత్రను పరీక్షిస్తున్న ఆస్పత్రిలో ఆమె కోఆర్డినేటర్. పరీక్షలో చేరిన ఒక పెద్దాయన పచ్చకామెర్లతో మంచం పట్టాడు. ఇరవై నాలుగు గంటల్లోపే, ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి తొలి నివేదిక వెళ్ళింది. ఇప్పుడు కారణం తేల్చి రెండోది పంపాలి. వారంగా ఆమెకు కంటి నిండా నిద్ర లేదు.

మంచం పక్కన పెద్దాయన భార్య సాధిస్తూనే ఉంది. "ఒళ్ళు గుల్ల చేసుకున్నది నువ్వే. పాత తాగుడు ఊరికే పోతుందా?"

"మానేసి ఏళ్ళయిందే," అంటూ ఆయన కోఆర్డినేటర్ వైపు తిరిగాడు. "నిజం చెప్పు తల్లీ, నా వల్లేనా?"

ఆమె డాక్టర్ గదికి వెళ్ళి తేదీల వరుస ముందుంచింది. మాత్ర మొదలైన కొన్ని వారాలకు కామెర్లు వచ్చాయి, ఆపాక తగ్గుతున్నాయి.

"అదే రోజు ఆయన వాడే నొప్పుల బిళ్ళ కూడా ఆపాం కదా, దానివల్లా కామెర్లు రావచ్చు," అన్నాడు డాక్టర్ కళ్ళు నులుముకుంటూ. "పైగా ఈ పరీక్షలో కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రే ఇస్తారు, ఆయన మింగింది ఏదో మనకీ తెలియనివ్వరు. అలాగని సంబంధం లేదనలేం. 'ఉండవచ్చు' అని రాయమ్మా."

సంతకమయ్యాక ఇద్దరూ మంచం దగ్గరికి వచ్చారు. "మాత్ర వల్ల కావచ్చు. గట్టిగా చెప్పలేం," అన్నాడు డాక్టర్.

"విన్నావా?" అన్నాడు పెద్దాయన భార్యతో.

"కావచ్చన్నారు, అవుననలేదు," అంటూనే ఆవిడ ఆయన తల కింద దిండు సర్దింది.

సాధింపు ఆ పూటకి ఆగింది. కోఆర్డినేటర్ పక్క స్టూలు మీద కూలబడింది.