పిట్టకైనా చాలని పంట

మా గూడెంలో ఎవరూ దేన్నీ మెచ్చుకోరు. అరకు పైన కొండల్లో పాతిక గడప కూడా లేని ఊరు మాది. బొద్దుగా పిల్ల పుడితే "కాకిపిల్లలాగుంది" అంటారు. మిరియం తీగ విరగకాస్తే "ఏటి కాపు, సెట్టుకి బరువు తప్ప" అంటారు. మంచిదాన్ని మంచిదని పైకి అంటే దిష్టి తగులుతుందని భయం. ఈ విద్యలో మా నాయనమ్మది అందె వేసిన చెయ్యి. సామలు నిండి గాదె మూత పడని ఏడు కూడా ముంగిట్లో నిలబడి, "ఏటి పండిందీ ఏడు? పిట్టకైనా సాలదు" అని ఊరంతా వినేలా మొత్తుకునేది. విన్నవాళ్లకి పంట బాగుందని అర్థమైపోయేది. ఎవరూ మారు ప్రశ్న వేసేవారు కాదు.

నేను కొండ దిగువ ఆశ్రమ పాఠశాలలో చదివాను. మా తెలుగు మేడం మైదానం నుంచి వచ్చినావిడ. నేను పదిలోకి వచ్చిన కొత్తలో నాయనమ్మ నన్ను చూడడానికి బడికొస్తే, మేడం నవ్వుతూ ఎదురెళ్లి, "మీ మనవరాలు బంగారమమ్మా, క్లాసులో దీనంత చురుకైన పిల్ల లేదు" అంది. నాయనమ్మ ముఖం మాడిపోయింది. "తూ, తూ" అని పక్కకి ఉమ్మి, నా చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయింది. పాపం మేడం, తనేం తప్పు మాట్లాడిందో తెలియక అలాగే నిలబడిపోయింది. సిగ్గుతో నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు.

ఆ ఏడు మా అందరి కళ్లూ గురుకుల కాలేజీ ప్రవేశపరీక్ష మీదే. సీటు వస్తే ఇంటరు, హాస్టలు, అన్నీ ఉచితం. రాకపోతే నా సంగతి నాన్న ముందే తేల్చేశాడు: "సీటొత్తే ఎల్లు. రాకపోతే కాఫీ తోటే." కాఫీ పళ్లు కోయడం నాకు చేతకాక కాదు, చదువుకోవాలని ఉండేది. లెక్కలు, సైన్సు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. నా కొంప ముంచేది తెలుగులో అపరిచిత కవిత. ఎప్పుడూ చూడని నాలుగు పంక్తులు ఇచ్చి, ఇందులో అలంకారం ఏది, ఈ మాట వ్యంగ్యమా కాదా, కవి స్వరం ఏది అని అడుగుతారు.

అలంకారం దగ్గర నాకు తడబాటు లేదు. "లాగా" అని పోలిస్తే ఉపమ, ఇదే అది అని తేల్చేస్తే రూపకం. మేడం మా కోసం తనే పంక్తులు కట్టి బోర్డు మీద రాసేది. ఒకసారి ఇలా రాసింది:

ఓ రోడ్డూ, నీ దయే దయ
కాగితం మీద ఎంత నున్నగా పరుచుకున్నావు
నిన్న మా వదినని డోలీలోనే మోశాం

ఇది వ్యంగ్యం, స్వరం ఎత్తిపొడుపు అని అందరికంటే ముందు చెప్పింది నేనే. రోడ్డు లేక డోలీ మోసిన ఊరిదాన్ని, నాకు తెలియదా!

మరి ఎక్కడ బోర్లా పడ్డాను? నమూనా పరీక్షలో చేను ఎండిందని, గాదెలో ఎలుకలాడుతున్నాయని ఒక రైతు ఏడుస్తున్న పంక్తులు వచ్చాయి. నేను "వ్యంగ్యం" అని గీశాను. స్వరం "ఆనందం" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. తర్వాతి పరీక్షలో ఇల్లు కారుతోందని ఒక అవ్వ వాపోతే, అదీ ఆనందమే అన్నాను. ఎవరైనా గోడు వెళ్లబోసుకుంటే చాలు, లోపల మురిసిపోతున్నారని నాకు గట్టి నమ్మకం. తప్పన్నకొద్దీ మొండికేసేదాన్ని.

ఇంకో టీచరైతే ఎర్ర సిరాతో కొట్టేసి ఊరుకునేది. మేడం సాయంత్రం స్టడీ అవరులో నన్ను వరండాలో కూర్చోబెట్టి, "నువ్వు తెలివితక్కువగా రాయవు. ఎందుకలా అనుకున్నావో చెప్పు" అంది. అంతవరకూ తప్పని చెప్పినవాళ్లే గానీ, ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మా ఊళ్లో పంట బాగా పండితేనే పిట్టకైనా సాలదంటారు మేడం. ఏమీ పండకపోతే అసలేటీ అనరు, ఊరుకుంటారు."

"అందుకా ఆ రోజు మీ నాయనమ్మ ఉమ్మింది!" అని మేడం పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీకు వ్యంగ్యం తెలియక కాదే, మరీ ఎక్కువ తెలిసి వచ్చిన చిక్కు ఇది," అంది. "మీ నాయనమ్మ పిట్టకి చాలదంటుంటే పక్కనే మూత పడని గాదె నీకు కనబడుతోంది. మాట ఒకవైపు, గాదె ఒకవైపు. అందుకే అది వ్యంగ్యం. పరీక్షలో నీకు గాదె కనబడదు, ఇచ్చిన పంక్తులే కనబడతాయి. మాటకి అడ్డం తిరిగే సంగతి వాటిలో ఉంటే వేలు పెట్టి చూపించు. లేదంటే ఆ మనిషి అన్న మాట నమ్ము."

"పిట్టకైనా చాలదంటే అబద్ధమే కదా మేడం, పిట్ట ఎంత తింటుందని?"

"అది పెంచి చెప్పడం. పెంచి చెప్పడం వేరు, తిరగేసి చెప్పడం వేరు. ఇక స్వరం అంటావా, అలంకారం ఉన్నా లేకున్నా స్వరం ఉంటుంది. మనిషి మనసు ఏ తీరున ఉందో అదే స్వరం."

ఆ తర్వాత ప్రతి సాయంత్రం నాకోసం కొత్త పంక్తులు కట్టి తెచ్చేది. కొన్నిటిలో గాదె దాచేది, కొన్నిటిలో దాచేది కాదు. తన ఇంటి పని మానుకుని చేసేదని నాకు తర్వాత తెలిసింది.

పరీక్ష సాలూరులో. తెలుగు పేపరు తిప్పగానే ఇవి కనబడ్డాయి:

మా చేను ఎండిన రొమ్ము
ఏం పండిందని ఈ ఏడు, పిట్టకైనా చాలదు
నిన్నటి నుంచి పొయ్యిలో పిల్లి లేవలేదు
పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది

నాయనమ్మే వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. మొదటి ప్రశ్నకి రూపకం అని రాసేశాను. రెండోదానికి చెయ్యి దానంతటదే వ్యంగ్యం వైపు పోయింది. బలవంతాన ఆపి, గాదె కోసం వెతికాను. ప్రతి పంక్తి మీదా వేలు పెట్టాను. రాజుకోని పొయ్యి, ఏడ్చి పడుకున్న పాప. ఎక్కడా గాదె లేదు. ఈ తల్లి ఉన్నమాటే చెబుతోంది. వ్యంగ్యం కాదు, స్వరం దుఃఖం అని గీశాను. గీశాక ఆ పాప కోసం నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్లూ ఎంతమంది గోడు విని ఆనందమని గీశానో!

సీటు వచ్చింది. ఫోనులో మెసేజి చూసి నాన్న బయటికెళ్లి కోడిపుంజుని పట్టుకొచ్చాడు. నాయనమ్మ మాత్రం, "ఏటి సీటు, పనికిమాలిన సీటు. కూడైనా సరిగ్గా పెడతారో లేదో" అని సణుగుతూ పండగ చీర తీసి కట్టుకుంది. నన్ను తీసుకుని బడికి బయల్దేరింది.

మేడం వరండాలోనే ఉంది. నాయనమ్మని చూసి ఈసారి ఎదురు రాలేదు. స్తంభానికి ఆనుకుని, పెదవి విరిచి, "మీ మనవరాలు వట్టి మొద్దమ్మా. ఏదో గుడ్డిదెబ్బకి సీటొచ్చింది గానీ, దీనికేం వచ్చు?" అంది. అంటూనే నా తల మీద చెయ్యి వేసింది.

నాయనమ్మ ముఖం చేటంత అయింది. "మరేటి మేడమ్మా! మొద్దు గుంట, వట్టి మొద్దు గుంట" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. వదల్లేదు.

ఇప్పుడు నేను బీఈడీ చదువుతున్నాను. మేడం రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు. అప్పుడప్పుడు ఫోను చేస్తే, "ఏం మొద్దూ, ఎలా ఉన్నావు?" అంటుంది. నన్ను అంత గొప్పగా మెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.