గీతల మాస్టారు వదిలేసిన గీతలు

చనిపోయిన రోజు ఉదయం మామగారు చేసిన చివరి పని ఒక నర్సు హోంవర్కు దిద్దడం. వరండాలో కుర్చీని ఎండలోకి లాక్కుని, ఆకుపచ్చ పెన్సిలు చేతబట్టి, 'పాలు' అనే రష్యన్ మాట దగ్గర ఆగారు. ఆ మాటలో మూడు 'ఓ'లు రాస్తారు. ఊనిక, అంటే గొంతు బరువు, చివరి దాని మీద పడుతుంది కాబట్టి అదొక్కటే నిఖార్సుగా 'ఓ' అని పలుకుతుంది. ముందున్న రెండూ నీరసించి 'అ'లోకి జారిపోతాయి. మలకో. నర్సు మొదటి 'ఓ' నెత్తిన ఊనిక గీత పెట్టింది.

"మీ నర్సమ్మ పాలు విరగ్గొట్టిందమ్మాయ్!" అని లోపలికి కేకేశారు.

"నా నర్సమ్మేంటి మామయ్యగారూ, మీ శిష్యురాలేగా!" అంది కోడలు వంటింట్లోంచే.

ఆయన నవ్వుకుని, తప్పు గీత చెరిపి, చివరి అక్షరం మీద ఏటవాలుగా చిన్న గీత పెట్టారు. కళ్ళజోడు తీసి కాగితాల మీద ఉంచి, కాసేపు నడుం వాల్చుతానంటూ లోపలికి వెళ్ళారు. మళ్ళీ లేవలేదు.

ఏడాది దాటింది. ఇప్పటికీ ఆయన గుర్తొస్తే కోడలికి కన్నీళ్ళకంటే ముందు నవ్వే వస్తుంది. అలాంటి మనిషి.

ముప్పై ఏళ్ళు యంత్రాల ఫ్యాక్టరీలో అనువాదకుడిగా పనిచేశారు. రష్యన్‌లో వచ్చిన డ్రాయింగులు, విడిభాగాల జాబితాలు, 'ఈ మీట ముట్టుకోరాదు' లాంటి హెచ్చరికలు, అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఒక టైలరు దుకాణం పైన గది తీసుకుని సాయంత్రాలు రష్యన్ నేర్పేవారు. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన పదిమంది గొంతులు. నర్సులు, ఓడల్లో పనికి వెళ్ళేవాళ్ళు, ఏ కారణమూ లేకుండా వచ్చే ఒకరిద్దరు. అందరికీ ఆయన గీతల మాస్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. రష్యన్‌లో ప్రతి మాటలోనూ ఏదో ఒక అచ్చు మీద గొంతు బరువు పడుతుంది. ఏ అచ్చు మీద అన్నదానికి నమ్మదగిన సూత్రం లేదు. పైగా అది ఒక చోట ఉండదు. 'చెయ్యి' అనే మాట రుకా, బరువు చివర. అదే 'చేతిని' అనాల్సొస్తే రూకు, బరువు ముందుకు గెంతుతుంది. రష్యన్లు తమ పత్రికల్లో, నవలల్లో దీనికి గుర్తేమీ పెట్టుకోరు, వాళ్ళకు పుట్టుకతో వచ్చిందాయె. నిఘంటువుల్లో, చిన్నపిల్లల పుస్తకాల్లో, పరాయివాళ్ళు నేర్చుకునే వాచకాల్లో మాత్రం ఆ అచ్చు మీద చిన్న ఏటవాలు గీత ఉంటుంది. ఒకే అచ్చున్న మాటకు గీత అక్కర్లేదు. రెండు చుక్కల 'యో' అక్షరానికీ అక్కర్లేదు, ఎక్కడుంటే బరువు దాదాపు అక్కడే.

"ఆ యో గారు పెళ్ళికొడుకమ్మా, వేరే బొట్టు పెట్టి చూపించనక్కర్లేదు," అనేవారు మాస్టారు.

కోడలికి ఈ భాష ఈ ఇంట్లోనే పట్టుబడింది. పెళ్ళైన కొత్తలో కూరగాయలు తరుగుతూ ఆయన చెప్పింది చెప్పినట్టు అనేది. పుస్తకంతో పని లేకుండా చెవితోనే నేర్చేసుకుంది. ఇప్పుడు ఆమే మాన్యువళ్ళు అనువదిస్తుంది. పని మొదలుపెట్టే ముందు మూలం మీద పెన్సిలుతో అనుమానం ఉన్న పేర్లన్నిటికీ గీతలు పెట్టుకుంటుంది. ఏ ఇంజినీరు పేరునైనా మన లిపిలో రాయాలంటే దీర్ఘం ఎక్కడివ్వాలో, 'ఓ' రాయాలో 'అ' రాయాలో ఆ గీతే చెప్పాలి మరి. ఇది ఆయన దగ్గర అబ్బిన అలవాటే.

"మా ఇంట్లో గోడ మీద గీత కనపడ్డా దాని కింద అచ్చు వెతుకుతారు," అనేవాడు ఆమె భర్త. అతనికి రష్యన్‌లో ఒక్క ముక్క రాదు, రానివ్వలేదు కూడా.

ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు, క్లాసు నోట్సంతా పుస్తకంగా వేద్దామన్నారు. ముప్పై పాఠాలు. కొత్త బ్యాచికి చేతికివ్వాలి. మాటలు ఆమె టైపు చేసి ప్రింటు తీస్తే, ఆయన ఆకుపచ్చ పెన్సిలుతో గీతలు పెట్టేవారు. వాటిని మళ్ళీ ఆమె కంప్యూటర్లో ఎక్కించాలి. అచ్చు కొట్టి, దాని వెనక గీత కొడితే అది వెళ్ళి అచ్చు నెత్తినెక్కుతుంది. పేజీలు కూర్చే డీటీపీ ఆయన ఫాంటు మార్చిన ప్రతిసారీ ఆ గీతలు జారి అక్షరాల మధ్య పడేవి.

"మేడమ్, మీ పేజీల మీద చీమలు పాకుతున్నాయి, పంచదార ఏమైనా వేశారా?" అని ఫోను చేసేవాడు.

పదకొండో పాఠం నుంచి ఆమెకు ఒక అనుమానం మొదలైంది. గీతలు తగ్గుతున్నాయి. 'తల' మీద ఒక పేజీలో ఉంది, తర్వాతి పేజీలో లేదు. 'నీళ్ళు' మీద అసలే లేదు. అప్పటికి ఆయనకు కంట్లో శుక్లాల ఆపరేషనయి నాలుగు నెలలు. చూపు ఆనడం లేదా? మతిమరుపా? అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని భర్తతో చెప్పింది.

"నాన్న మర్చిపోవడమా? నేను ఏడో క్లాసులో ఎన్ని మార్కులు తెచ్చానో నిన్న కూడా గుర్తు చేశారు," అన్నాడు అతను.

అయినా ఆమె మనసు ఊరుకోలేదు. జీవితాంతం గీతలు దిద్దిన మనిషి పుస్తకం గీతల్లేకుండా అచ్చయితే నలుగురూ ఏమంటారు? ఆ మాట ఆయన చెవిన పడితే? గుట్టుగా ఒక పని చేసింది. గీతలు పెట్టే ప్రోగ్రాం ఒకటి దొరికితే పుస్తకమంతా దానిలో వేసింది. కొన్నిచోట్ల అది వాక్యం చూడకుండా పెట్టేసింది. 'చేతులు నొప్పి' అనాల్సిన చోట రూకి కావాలి, అది రుకీ చేసి కూర్చుంది, అంటే 'చేతి యొక్క'. అలాంటివి వెతికి దిద్దడానికి వారం పట్టింది. దిద్దిందాన్ని పాత ఫైలు మీదే సేవ్ చేసింది. పుణ్యం చేసుకున్నాననుకుంది.

శుక్రవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. బుధవారం మాస్టారు పదిహేడో పాఠం ప్రింటు తీయించుకుని క్లాసుకు పట్టుకెళ్ళారు. రాత్రి భోజనం వేళకు ఉత్సాహంగా తిరిగొచ్చారు.

"అమ్మాయ్, అద్భుతం! మన ఓడ వంటవాడు, మూడు నెల్లుగా నీళ్ళడగడం కూడా రానివాడు, పాఠం గడగడా చదివేశాడు. ఒక్క తప్పు లేదు!"

"బాగుందిగా మామయ్యగారూ."

"బాగుంది కదాని రష్యన్ పత్రికలో ముక్క ఒకటి చేతికిచ్చా. అవే మాటలు. ఒక్కడికీ నోరు పెగల్లేదు. నర్సమ్మయితే బరువు తప్పుచోట వేసి నీళ్ళని నేల మీద పారబోసింది."

ఆయన సంచిలోంచి ఆ ప్రింటు తీసి దీపం కింద పెట్టారు. కళ్ళజోడు సర్దుకుని ఒక పేజీ, రెండో పేజీ చూశారు. పెన్సిలు తీయలేదు.

"ఈ గీతలు నావి కావు."

"మీరు... వదిలేశారని నేను..."

"వదిలేశాను. వదిలేయడానికే వదిలేశాను." గొంతు పెరగలేదు, అందుకే భయం వేసింది ఆమెకు. "కొత్త మాట మూడుసార్లు గీతతో కనపడుతుంది. నాలుగోసారి గీత ఉండదు. కుర్రవాడు గుర్తు తెచ్చుకుని తీరాలి. బరువు చోటు మారిన రూపమొస్తే మళ్ళీ మూడుసార్లు. చివరి పాఠానికి ఒక్క గీత ఉండకూడదు. ఎందుకంటే బయట ఏ కాగితం మీదా ఉండదు. సైకిలు వెనక పట్టుకున్న చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు వదలాలా, వద్దా?"

"నాకు ఒక్క మాట చెప్పచ్చుగా!"

"నీకు చెప్పాల్సిన అవసరమేముంది? నీకు ఒక్క గీత లేకుండానే వచ్చిందిగా!"

"కంటాపరేషనయింది కదా, ఆనడం లేదేమో అనుకున్నా."

ఆయన తలెత్తి చూశారు. ఇదీ సంగతా అన్నట్టు ఒక్క క్షణం. తర్వాత కుర్చీ వెనక్కి వాలిపోయేలా నవ్వారు.

"అంటే వారం రోజులుగా నా పరువు కాపాడుతున్నావన్నమాట! ఒరేయ్, విన్నావా, మీ ఆవిడ నన్ను గుడ్డివాణ్ణి చేసి పుస్తకాన్ని ఉద్ధరించింది!"

"నన్ను లాగకండి, నాకు రష్యన్ రాదు," అన్నాడు కొడుకు పెరుగు కలుపుకుంటూ.

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గీతలన్నీ ఒక్కసారిగా తీసేద్దామంటే కావాల్సినవీ పోతాయి. చేతిలో ఉన్నది ఒక్క గురువారం. తెల్లారగానే ఆయన, ఎక్కడేముందో చూడాలంటూ పుస్తకమంతా ఉన్నదున్నట్టు ఒకసారి ప్రింటు తీయించుకున్నాక, ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన పాత ఆకుపచ్చ కాగితాలు చూస్తూ చదవడం, ఆమె చెరపడం. గీత వెనక కర్సరు నిలిపి చెరిపే మీట ఒక్కసారి నొక్కితే గీత మాత్రం పోతుంది, అచ్చు ఉంటుంది. అది చూసి ఆయన మురిసిపోయారు: "చూడు, తలపాగా తీస్తే మనిషి మనిషే!" ఆమె వాడే ప్రోగ్రాములో ఒక తిక్క ఉంది, గీత ఉన్న మాటను మామూలు మాట వెతికితే పట్టుకోదు. ఆ తిక్కే పనికొచ్చింది. 'తల' అని గీత లేకుండా వెతికేవారు. నాలుగోసారి నుంచీ అన్నీ దొరికితే ఆ మాట పని పూర్తయినట్టు. మధ్యాహ్నానికి ఆయన నడుం పట్టేసింది, ఆమె వేలు వాచింది. సాయంత్రం క్లాసు మానేశారు, జీవితంలో మొదటిసారి. శుక్రవారం పది గంటలకు పుస్తకం ప్రెస్సుకెళ్ళింది. డీటీపీ ఆయన తెరిచి చూసి, "చీమలు సగమే వచ్చాయేంటి మేడమ్?" అన్నాడు.

తర్వాత ఆ గొడవ ఆయన నోట కోడలు చాలాసార్లు వింది, ప్రతిసారీ కొత్త అలంకారాలతో. ఆమె మాత్రం లోపల కొంచెం సిగ్గుపడుతూనే ఉండేది. మంచి పుస్తకాన్ని దాదాపు పాడు చేశానని.

ఆయన పోయాక టైలరు పైగదిలో క్లాసు ఆమే తీసుకుంది. మొదటి వారం, నాలుగు నెలలు ఓడ మీద ఉండి వచ్చిన వంటవాడు తలుపు దగ్గర మొహమాటంగా నిలబడ్డాడు. చంకలో మూలలు నలిగిన కాగితాల కట్ట ఒకటి ఉంది.

"పాఠాలు ఎగ్గొట్టాను మేడమ్. అందుకే ఇది తెచ్చాను."

"ఏంటది?"

"మాస్టారు ఇచ్చేవారండీ, క్లాసులు తప్పినవాళ్ళకి. పుస్తకం వేరు, ఇది వేరట. ఇందులో అన్నిటికీ గీతలుంటాయి. దారిలో పడ్డాక తిరిగి ఇచ్చేయమనేవారు. నర్సమ్మ దగ్గరా ఇంకోటి ఉంది."

ఆమె తీసుకుని తిప్పింది. ముప్పై పాఠాలు, ప్రతి మాట మీదా గీత, ఆమె ఆ వారమంతా కూర్చుని దిద్దిన ప్రతి. అప్పట్లో ఆమె కంటపడకుండా తప్పిపోయిన రెండు 'రుకీ'లు ఆకుపచ్చ పెన్సిలుతో రూకి అయ్యాయి. పై అట్ట మీద ఆయన దస్తూరీలో 'కోడలి ప్రతి' అని ఉంది. కింద తారీఖు. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళిన మర్నాటిది.