ఫైలు పోయినా మాట నిలవాలి

2008లో కల్లూరులో మా ఆఫీసంటే రెండు గదులు, ఆరు కంప్యూటర్లు. రైతుల ప్రశ్నలకు నిపుణులు జవాబిచ్చే వెబ్‌సైటు నడిపేవాళ్ళం. ఊళ్ళలో కంప్యూటర్ కేంద్రాల వాళ్ళు రైతు తరఫున ప్రశ్న కొట్టి, ఫోటోలు, రిపోర్టులు జతచేసి పంపేవారు. సర్వరులో చోటు చాలడం లేదని, ముప్పై రోజులు దాటిన ఫైళ్ళను చెరిపేసే ప్రోగ్రాము నేనే రాశాను. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను కూడా.

మాతోపాటు పనిచేసే మహిమది కోసిగి. ఆ ప్రోగ్రాము చూసి ఇంతెత్తున లేచింది.

“మా ఊరోళ్ళు గుంటూరుకు మిరపకాయలు కొయ్యను పోతే మూణ్ణెల్లకు గానీ రారు ప్రదీపన్నా. వచ్చి చూస్తే ఫైలుండదు, ‘రెండో రిపోర్టు ప్రకారం చెయ్యి’ అన్న జవాబు మాత్రం ఉంటాది. దాన్ని నాక్కోవాల్నా?”

వాళ్ళమ్మ ఏటా అలా వలస పోయొచ్చినావిడే.

వారం కూర్చుని మహిమ దారి మార్చింది. ఎవరైనా ఫైలు ఎక్కించగానే వెబ్‌సైటే అందులో చదవగలిగిన అక్షరాలన్నీ తీసి ఆ సందేశం పక్కనే దాస్తుంది. ఆ ఫైలు దేనికి సంబంధించిందో పంపేవాళ్ళు ఒక ముక్క రాయనిదే సందేశం పోదు. తర్వాత నా ప్రోగ్రాము ఫైలును మింగినా, ఈ రెండూ సంభాషణలోనే ఉంటాయి, ‘ఫైలు తొలగించాం’ అన్న ముక్కతో సహా.

కోసిగి కేంద్రం నడిపే ఈరప్పకు మాత్రం ఈ రాతపని బొత్తిగా గిట్టలేదు. ‘రిపోర్టు రిపోర్టు’ అని కొట్టి పంపేవాడు. ఒకసారి రెండు ఫైళ్ళు అలాగే వస్తే మహిమ ఫోన్ చేసింది.

“ఏమన్నా, ఈ రెండూ ఏంటివి?”

“మనూరి రైతు వరమ్మ బోర్ల నీళ్ళ పరీక్షలమ్మా. ఒగటి గుడిసె కాడిది, రెండోది వంక కాడిది.”

“ఆ మాటే రాయి. నాతో చెప్పినట్లే రాయి.”

గొణుక్కుంటూనే రాశాడు. కడపలో ఉండే నేల, నీటి నిపుణురాలు శ్రీవిద్య జవాబిచ్చింది: రెండో రిపోర్టులోని నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఉల్లికి కట్టొద్దు, మొదటిదానివి కట్టొచ్చు. అప్పటికే వరమ్మ గుంటూరు బస్సెక్కింది.

నాలుగు నెలలకు తిరిగొచ్చింది. ఉల్లి నాటే అదును ముంచుకొచ్చింది. మళ్ళీ పరీక్షకు పంపితే అదును దాటిపోతుంది, ఉప్పునీళ్ళు కడితే పైరు పోతుంది. ఫైళ్ళు రెండూ నా ప్రోగ్రాము ఎప్పుడో ఊడ్చేసింది. ఈరప్ప మాకు ఫోన్ చేస్తూనే తెర మీదిది చదివాడు. రిపోర్టు అక్షరాల్లో అంకెలు భద్రంగా ఉన్నాయి, కానీ బోరు పేరు లేదు. పరీక్ష చేసినవాళ్ళు మొదటిది, రెండోది అనే రాశారు. కింద ఈరప్ప రాసిన ముక్క ఉంది: రెండోది వంక కాడి బోరు.

“అయితే గుడిసె కాడి నీళ్ళే కట్టుకోమని చెప్పన్నా,” అంది మహిమ.

ఫోన్లో అవతల వరమ్మ గొంతు వినపడింది. “ఈ పైరు నిలబడితే వచ్చే ఏడు గుంటూరు పోనప్పా.”

మహిమ కళ్ళు తుడుచుకుంది. సిగ్గేమీ లేదు, నేనూ తుడుచుకున్నాను.