రోజుకు మూడు గోలీలు

యోబు అంత భయస్తుణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. వికారాబాద్‌లో మా మిషన్ దవాఖాన కాంపౌండర్ అతను. తన నీడను చూసి తనే జడుసుకునే రకం. మందుల గదికి తాళం వేసి పది అడుగులు వేసేవాడు, తిరిగొచ్చి తాళం లాగి చూసేవాడు. డాక్టర్ అనంతయ్యగారు పిలిస్తే చాలు, ఏం తప్పు చేశానా అని దారిలోనే వెతుక్కునేవాడు. నేను అక్కడ నర్సును. అతన్ని ఆటపట్టించిన వాళ్లలో మొదటిదాన్ని నేనే, అది దాచుకోను.

ఎనభై అయిదులో మా దవాఖానకు ఒక కొత్త మందు వచ్చింది. మూర్ఛ రోగానికి. అప్పటికి దానికి పేరు లేదు, ఒక నంబరు ఉండేది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన, ఇంకో నాలుగు చోట్ల చిన్నవి కలిసి దాన్ని పరీక్షిస్తున్నాయి, వాటిలో మాది ఒకటి. సగం మందికి కొత్త గోలీలు, సగం మందికి పాతవి. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. సీసా మీద నంబరే తప్ప ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు, మాకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలిస్తే చూసే కన్ను మారిపోతుందని అట్లా పెట్టారు. ఒక్కో రోగి పేరుతో ఒక సీలు వేసిన కవరు మాత్రం డాక్టరుగారి బీరువాలో ఉండేది. ప్రాణం మీదికి వస్తేనే అది చింపాలి.

మొదట్లో చేరిన వాళ్లలో తాండూరు గఫూర్ ఒకడు. బండల పాలిష్ కార్ఖానాలో పని. వారానికి ఒకటి రెండుసార్లు పడిపోయేవాడు. భార్య షాహజాదిని వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరుగారు కాగితం మొత్తం చదివి వినిపించి, వేలిముద్ర వేసే ముందు ఏమైనా అడగమన్నారు.

"మా మీద పరీచ్చ చేస్తున్నరా సారూ?" అన్నాడు గఫూర్.

"అవును, చేస్తున్నం," అన్నారు డాక్టరుగారు. ఆయన తీపి అబద్ధాలు చెప్పే మనిషి కాదు. "మొదలు ఎలుకలకు, కుక్కలకు ఇచ్చిండ్రు. తర్వాత బీమారి లేని మనుషులు కొందరికి, కొద్దికొద్దిగ, ఒంటికి పడుతదా లేదా అని. ఆ తర్వాత ఫిట్స్ ఉన్నోళ్లు కొందరికి, ఎంత ఇస్తే పని చేస్తదో చూసేందుకు. అదంతా బయట దేశంల అయింది. ఇప్పుడు మూడో మెట్టు. వందల మందికి ఇచ్చి, పాత మందు కంటే మంచిదా కాదా చూడాలె. ఢిల్లీల మందుల కంట్రోలరు ఒప్పుకున్నంకనే ఇక్కడ మొదలు పెట్టినం."

"గట్లయితే దుకాన్ల ఎప్పుడొస్తది?"

"మన లెక్కలన్ని ఢిల్లీకి పోవాలె. అవి చూసి వాళ్లు ఒప్పుకోవాలె. తర్వాత తయారు చేసేందుకు లైసెన్సు రావాలె. రెండేండ్లు, మూడేండ్లు. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడన్న పో, నడుమల అన్న పో. పాత మందు ఎట్లయిన ఇస్తం."

గఫూర్ భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది. వేలిముద్ర పడింది.

గోలీలు ఇవ్వడం, నెలకోసారి మిగిలినవి తీసుకుని లెక్కబెట్టడం యోబు పని. పొద్దున ఒకటి, పగటికి ఒకటి, రాత్రికి ఒకటి. ఏప్రిల్‌లో కంపెనీ తరఫున ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చి పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎవరో ఒకరి సీసాలో రెండు గోలీలు తక్కువ వచ్చాయి. ఆయన గట్టిగా ఏమీ అనలేదు, ఎర్ర సిరాతో గీత గీసి పోయాడు. ఆ గీత యోబు గుండెలో పడింది. అన్నం తింటున్నా దాని గురించే మాట్లాడేవాడు. గోలీలు ఇచ్చే కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ఒకటే పాట: లెక్క తప్పొద్దు, లెక్క తప్పొద్దు.

గఫూర్‌కు పదకొండు వారాలు ఒక్క ఫిట్ రాలేదు. మే నెలలో రంజాన్ వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఉపవాసం ఉండగలనన్న సంతోషంలో ఉన్నాడతను. బీమారి మనిషికి రోజా మాఫీ ఉందని అతనికీ తెలుసు. కానీ ఇప్పుడు తను బీమారి మనిషి కాదని అతని నమ్మకం. కిటికీ దగ్గర ఆ రోజు మస్తు మంది ఉన్నారు.

"రోజా పడ్తున్న సాబ్. పగటి గోలి ఎట్ల?"

యోబు తల ఎత్తలేదు. "ఎట్లనన్న ఏసుకో గఫూర్ భాయ్, రోజుకు మూడు పోవాలె. లెక్క మాత్రం తప్పొద్దు."

అతని వెనక స్టూలు మీద కూర్చుని నేను దూది చుడుతున్నాను. ఆ మాట నేనూ విన్నాను. నాకూ ఏమీ తట్టలేదు.

పదో రోజాకు తాండూరు ప్యాసింజర్‌లో గఫూర్‌ను మోసుకొచ్చారు. పిలిస్తే పలుకు లేదు. దారిలో రెండుసార్లు వాంతి అయిందట. రెప్పలెత్తి చూస్తే నల్లగుడ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. పొద్దున కార్ఖానాకు పోతూ తాగినవాడిలా తూలాడట, స్టేషన్ దగ్గర కుప్పకూలాడట. షాహజాది మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

డాక్టరుగారు అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టారు, సెలైన్ పెట్టారు. అతని ఊపిరి లెక్కబెడుతూ కూర్చోమని నాకు చెప్పారు. బీరువాలోంచి కవరు తెచ్చి, తేదీ, టైము, కారణం రాసి, సంతకం పెట్టి చింపారు. గఫూర్‌కు పడింది కొత్త మందు.

"మిగిలిన గోలీలు తెచ్చిండ్రా?" అన్నారు.

షాహజాది సీసా ఇచ్చింది. యోబు బల్ల మీద పోసి లెక్కబెట్టాడు. మళ్లీ లెక్కబెట్టాడు. సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"చెప్పిన లెక్కనే ఏసుకుండు. అయినా గిట్లయిందంటే మందుదే తప్పు," అన్నారు డాక్టరుగారు. ఆయన ముఖం చిన్నబోయింది. "హైదరాబాద్‌కు చెప్పాలె, కంపెనీకి, ఢిల్లీకి రాయాలె. అంతట ఆపేయమంటరేమో."

ఆపేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. మూర్ఛ మందు ఉన్నపళంగా మానితే ఫిట్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి. మా దగ్గరే నలభై మంది ఉన్నారు. యోబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని పెదవులు కదులుతున్నాయి. నాకు అప్పుడు అర్థమైంది. పొద్దుగూకి ఇఫ్తార్ అయ్యేదాకా నోట్లో చుక్క నీళ్లు పోసుకోని మనిషి, రోజుకు మూడు గోలీలు లెక్క తప్పకుండా ఎప్పుడు మింగుతాడు? సహరీకి, తెల్లవారక ముందు, మూడూ ఒక్కసారే.

అర్థమైనా నేను నోరు విప్పలేదు. అది యోబు నోటి మాట, అతనే చెప్పుకోవాలి అనుకున్నాను. ఆ వంకతో నన్ను నేను దాచుకున్నాను.

మర్నాడు పొద్దున గఫూర్ లేచి కూర్చున్నాడు. డాక్టరుగారు ఎట్లా వేసుకున్నావని అడిగితే, మూడూ ఒక్కసారే అని చెప్పాడు.

"ఎవరు చెప్పిండ్రు అట్ల ఏసుకోమని?"

యోబు గుమ్మంలో ఉన్నాడు. గఫూర్ అతన్ని చూశాడు. చూసి కూడా, "ఎవ్వరు చెప్పలే సారూ. నా అక్కల్‌తోని నేనే అట్ల ఏసుకున్న," అన్నాడు.

డాక్టరుగారి ప్రాణం లేచి వచ్చింది. మందు తప్పు కాదు. చెప్పిన మాట రోగి వినలేదు, అంతే. రాసి పంపేస్తే అయిపోతుంది. ఆయన గదిలోకి పోయి కాగితం తీశారు. ఇక యోబు భయపడాల్సింది ఏదీ లేదు. ఎవరూ అడగరు, ఎర్ర గీత కూడా పడదు.

అతను గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. ముఖమంతా చెమట. నేను పక్కన కూర్చున్నాను.

"మనోరమమ్మా, ఇంకా ఎన్ని రోజాలు ఉన్నయి?"

"ఇరవై దాకా ఉంటయి."

"గుల్బర్గాల, కర్నూల్ల కూడ మనసొంటి దవాఖానలు ఉన్నయి. అక్కడ కూడ సాయిబులు ఉంటరు గద. వాళ్ల కాంపౌండర్లు ఏం చెప్పుతున్నరో."

అప్పుడు నాకూ తట్టింది. రోగి తప్పని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోతుంది. గోలీలిచ్చే కిటికీ తప్పని రాస్తేనే మిగతా కిటికీలకు కబురు పోతుంది.

"నౌకరీ పోతదేమో," అన్నాడు. "ముగ్గురు పిల్లలు." కాసేపటికి లేచాడు. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు. ఈసారి లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను, అంతమాత్రం సిగ్గు నాకు మిగిలింది.

"అయ్యా, గఫూర్ భాయ్ అబద్ధం చెప్పిండు. ఆయన నన్ను అడిగిండు. ఎట్లనన్న ఏసుకో, రోజుకు మూడు పోవాలె అని నేనే చెప్పిన." "నా పేరు రాయండి. నేను చెప్పినట్టు రాయండి."

"నేనూ విన్న సార్," అన్నాను.

డాక్టరుగారు కలం పెట్టేశారు. తర్వాత ఫోను తీసి హైదరాబాద్‌కు ట్రంకాల్ బుక్ చేశారు. అక్కడి వాళ్లు అన్ని దవాఖానలనూ అడిగి సాయంత్రానికి తిరిగి కబురు పంపారు. ఇంకో దవాఖానలో ఇద్దరు సహరీకి మూడూ మింగుతున్నారట. ఒకామె అప్పటికే రెండు రోజులుగా తూలుతూ ఉందట. రోజా వేడి అనుకున్నారట ఇంట్లో. ఆ ఇద్దరూ బతికారు.

మందు ఆగలేదు. రోగులకు చెప్పే కాగితంలో ఒక మాట కలిపారు: మూడు గోలీలు ఒక్కసారి వేసుకోరాదు, ఉపవాసం ఉండేవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. యోబును ఆ గోలీల పని నుంచి తీసేసి కట్లు కట్టే గదికి పంపారు. కిటికీ లేని గది అని సంతోషించాడు, పిచ్చివాడు.

గఫూర్‌కు మాత్రం నష్టమే జరిగింది. కవరు చింపారు కాబట్టి అతను ఇక ఆ లెక్కలో ఉండకూడదు. ఆ మందు దుకాణంలో దొరకదు. పాత మందు మీదికి పోయాడు, ఫిట్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడు బండ మీద పడి కుడి చెయ్యి విరిగింది, కార్ఖానా పని పోయింది. యోబు ప్రతి నెలా తాండూరు పోయి చూసి వచ్చేవాడు. ఢిల్లీలో ఫైలు ఎంతదాకా వచ్చిందని డాక్టరుగారిని అడిగి అడిగి విసిగించేవాడు.

ఎనభై ఎనిమిదిలో ఢిల్లీ ఒప్పుకుంది, లైసెన్సు వచ్చింది, నంబరు పోయి పేరు వచ్చింది. అయినా కంపెనీ డాక్టర్లను కోరింది, అమ్మకం మొదలయ్యాక కూడా ఏ ఇబ్బంది కనిపించినా రాయమని. తాండూరు మెడికల్ షాపుకు మందు వచ్చిన రోజు యోబు నన్ను కూడా రమ్మన్నాడు. ఒక్కడే పోవడానికి భయమట. డాక్టరుగారు రాసిన చీటీ గఫూర్ చేతిలో ఉంది. షాపతను డబ్బా ఇచ్చాడు. గఫూర్ దాన్ని ఎడమ చేత్తో తిప్పి తిప్పి చూసి, యోబు ముందు పెట్టాడు.

"ఎట్ల ఏసుకోవాలె, నువ్వు చెప్పు సాబ్."

యోబు వెనక్కి జరిగాడు. "నన్ను అడుగకు గఫూర్ భాయ్. డాక్టరుగారు చీటీల రాసిండు. నాకు భయమైతది."

"గందుకే నిన్ను అడుగుతున్న," అన్నాడు గఫూర్. "భయం లేనోడు చెప్తే నేను ఏసుకోను."