కట్టేసిన అప్పుకి ఇంకో వాయిదా

పరుపుల కొట్టుకి సరుకు తోలే వ్యాన్ ఆయన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. పదహారేళ్లుగా బండ్లు నడుపుతున్నాడు, ఒక్క దానికీ గీత పడనివ్వలేదు. ముందున్న వాడు దారివ్వకపోతే హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడే రకం. ఈ మధ్య ఆయన ఎడమ మోకాలు మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "బండి మానకపోతే ఏడాదిలో నడక మానాల్సి వస్తుంది" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అందుకని వ్యాన్ అమ్మేసి, పెద్దమ్మాయి రిసెప్షన్‌లో పనిచేసే క్లినిక్ పక్కన ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకుని కూర్చుందామనుకున్నాడు. కొనే మనిషి చేతిలోనే ఉన్నాడు. పరుపుల కొట్టు ఓనరు తన బావమరిదికి ఏదో ఒక పని చూపించాలి, ఇంట్లో పోరు పడలేకపోతున్నాడు. అడ్డమల్లా ఒక్కటే. బండి రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది. అప్పు తీరిందని వాళ్లు ధ్రువపత్రం ఇస్తే తప్ప ఆ పేరు పోదు, ఆ పేరు పోకపోతే బండి చేతులు మారదు.

ఇంకా నాలుగు వాయిదాలున్నాయి. నిదానం ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి, ముందే ముగిస్తున్నందుకు వాళ్లడిగిన రుసుముతో సహా, నెల ఇరవై ఎనిమిదిన మొత్తం కట్టేశాడు. కౌంటర్లో అమ్మాయి రసీదు ఇచ్చి, "అయిపోయిందండీ, వారంలో సర్టిఫికెట్ వస్తుంది" అంది. ఆ రోజు ఇంటికెళ్లి ఆయన భార్యతో నవ్వుతూ మాట్లాడాడు. అది ఆ ఇంట్లో ఓ వింతే.

ఐదో తారీఖు పొద్దున్న ఫోను కుయ్‌మంది. ఖాతాలోంచి తొమ్మిది వేల ఆరు వందల నలభై పోయాయి. ఎప్పటిలాగే, వాయిదా కింద.

"అప్పే లేనప్పుడు వాయిదా ఏంటే?" అని భార్యని అడిగాడు, ఆవిడే తీసుకున్నట్టు.

"నన్నడుగుతారేం? వెళ్లి వాళ్లనడగండి" అందావిడ.

ముందు బ్యాంకుకి వెళ్లాడు. అక్కడి గుమాస్తా కంప్యూటర్లోంచి తల తిప్పకుండానే చెప్పాడు. "మీరు సంతకం చేసిన ఆటో డెబిట్ ఇంకా నడుస్తోందండీ. వాళ్లడిగారు, మేం పంపాం. డబ్బు వెనక్కివ్వాల్సింది వాళ్లు. ఇకముందు పోకుండా ఉండాలంటే రద్దు ఫారం నింపి మాకివ్వండి." ఫారం ఒకటి ఇచ్చాడు. నిదానం దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఫైనాన్స్ ఆఫీసులో కౌంటరమ్మాయి గోళ్లు కొరుక్కుంటూ చాలాసేపు తెర చూసింది. "మీ డబ్బు వచ్చిందండీ. కానీ లోన్ క్లోజ్ చేసినట్టు ఎంట్రీ పడలేదు. అడ్వాన్సు కింద ఉండిపోయింది. సిస్టంకి మీ అప్పు ఇంకా ఉన్నట్టే లెక్క."

"ఎంట్రీ వెయ్యాల్సింది ఎవరమ్మా?"

"మేమేనండీ. మీరు ఒక లెటర్ ఇవ్వండి."

తప్పు చేసింది వాళ్లు, ఉత్తరం రాయాల్సింది ఈయన. లోకం తీరే అంత.

సాయంత్రం పెద్దమ్మాయి కాగితం ముందేసుకుని కూర్చుంది. నిదానం చెప్పుకుంటూ పోయాడు. దొంగలనీ, ఒళ్లు దగ్గర పెట్టుకోమనీ, మనిషి మోకాలి బాధ వాళ్లకేం తెలుసనీ. నోరు తెరవని మనిషికి అంత కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో. అమ్మాయి అంతా విని, తనకి కావలసినంతే రాసింది.

"నా వాహన రుణం మొత్తాన్ని గత నెల ఇరవై ఎనిమిదిన చెల్లించాను. రసీదు నకలు జతపరిచాను. అయినా ఈ నెల ఐదున ఆటో డెబిట్ ద్వారా నా ఖాతా నుంచి మరో వాయిదా తీసుకున్నారు. బ్యాంకు స్టేట్‌మెంటు నకలు కూడా జతపరిచాను. ఆ మొత్తాన్ని నా ఖాతాకి తిరిగి జమ చేసి, రుణఖాతా ముగించి, ఆటో డెబిట్ ఆపించి, బకాయిలు లేవన్న ధ్రువపత్రం ఇప్పించగలరు."

"నా మోకాలు ఏదమ్మా ఇందులో?"

"మోకాలు వాళ్లకక్కర్లేదు నాన్నా. లోన్ నంబరు వేశాను, అది చాలు. రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద ముద్ర వేయించుకో. బ్యాంకులో ఆ ఫారం కూడా ఇచ్చెయ్, మర్చిపోకు."

ముద్ర వేయించుకున్నాడు. ఫారం మాత్రం ఇవ్వలేదు. బ్యాంకులో వరస గుమ్మం దాటి ఉంది, మోకాలు నిలబడనివ్వలేదు. పైగా ఆయనకి అంతకంటే తేలికైన ఉపాయం తోచింది. నెల తిరిగినా కంపెనీ నుంచి కబురు లేకపోయేసరికి, నాలుగో తారీఖున ఖాతాలో ఉన్నదంతా తీసేసి, బియ్యం డబ్బాలో దాచి, "ఇప్పుడు తీసుకోమను చూద్దాం" అన్నాడు. అంత తెలివి తనకుందని ఆయనకే ఆశ్చర్యమేసింది. ఆ తెలివే ఆయన కొంప ముంచింది.

ఐదున కంపెనీ సిస్టం మళ్లీ వాయిదా అడిగింది. ఖాతాలో లేదు కాబట్టి బ్యాంకు తిప్పి పంపింది, తిప్పినందుకు జరిమానా రాసుకుంది. అటు కంపెనీ కూడా తన జరిమానా తాను వేసింది. ఆరో తారీఖున నిదానం వెళ్లేసరికి కౌంటరమ్మాయి జాలిగా చూసింది.

"మీ లెటర్ మీద యాక్షన్ తీసుకున్నారండీ. పోయిన నెల వాయిదా మీ ఖాతాకి పంపేశారు. నిన్న సాయంత్రం లోన్ ఎంట్రీ కూడా సరిచేశారు. కానీ నిన్న పొద్దున వాయిదా బౌన్సయింది కదా, ఆ చార్జీ ఐదు వందల తొంభై బాకీ చూపిస్తోంది. బాకీ ఉంటే సర్టిఫికెట్ రాదు."

"లేని వాయిదా బౌన్సవడమేంటమ్మా?"

"నిజమేనండీ. మాఫీకి రాస్తాను. హెడ్డాఫీసు ఒప్పుకోవాలి, నెల పట్టొచ్చు. కట్టేస్తే పది, పన్నెండు రోజుల్లో వస్తుంది."

ఓనరు పదిహేను దాకానే ఆగుతానన్నాడు. నిదానం గోడ పక్క కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వాయిదా ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడు ఎగ్గొట్టినవాడికి వేసే జరిమానా తన చేత్తో కడితే, ఎగ్గొట్టానని ఒప్పుకున్నట్టే. ఆయనకి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, తుడుచుకున్నాడు కూడా. తర్వాత లేచి కట్టేశాడు.

ఓనరుకి ఫోన్ చేసి నాలుగు రోజులు ఓపిక పట్టమన్నాడు. "చూద్దాంలేవోయ్" అన్నాడాయన. చూద్దాంలే అంటే ఏమిటో నిదానానికి తెలియకపోలేదు.

ధ్రువపత్రం పంతొమ్మిదిన వచ్చింది. ఒకే ఒక్క పేజీ, కింద గుండ్రటి ముద్ర. "సదరు రుణగ్రహీత మా సంస్థకు ఎటువంటి బకాయి లేడు." పెద్దమ్మాయి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చింది. నిదానం బట్టలు మార్చుకుని పరుపుల కొట్టుకి వెళ్లాడు.

కొట్టు ముందు కొత్త వ్యాన్ ఉంది. ఓనరు బావమరిది పరుపులకి తాడు బిగిస్తున్నాడు, అదీ వదులుగా. ఓనరు గుమ్మంలోకి వచ్చి, నిదానం చేతిలో కవరు చూసి, తల దించుకున్నాడు.

"ఏమనుకోకు. ఇంట్లో రోజూ గొడవ. షోరూమ్ వాళ్లు మొన్ననే ఇచ్చేశారు."

"పర్లేదు బాబూ."

"ఇంకోటి. ఇక మా సరుకు మా బండే తోలుతుంది. కిరాయికి నీకు చెప్పడం కుదరదు. మరి నీ బండి ఏం చేస్తావ్?"

నిదానం కవరు చొక్కా లోపల పెట్టుకున్నాడు. "ఇటుకల బట్టీ వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు బాబూ. బరువని ఒప్పుకోలేదు. ఇంకో బేరం తగిలేదాకా ఇల్లు గడవాలిగా."

బండెక్కి తాళం తిప్పాడు. కాలు క్లచ్ మీద పెట్టాడు గానీ అది కిందికి దిగలేదు. రెండు చేతులూ మోకాలి మీద ఆన్చి, పళ్లు బిగించి, దాన్ని కిందికి నొక్కాడు.